కాన తరవాత ఖబర్‌కి నసబ్ ఎందుకు? బస్రా మాట, కూఫా మాట: ఏది మేలు?

అరబీలో క్రియ లేని చిన్న వాక్యం తీసుకుందాం: జైదున్ ముదర్రిసున్. జైద్ టీచరు అని అర్థం. జైద్ గురించి చెప్పే రెండో పదమే ఖబర్. రెండు పదాలూ రఫాలో, అంటే కర్తకు వచ్చే విభక్తిలో ఉన్నాయి కాబట్టి రెండింటి చివరా "ఉన్" వినిపిస్తుంది. ముందు కాన, అంటే ఉండేవాడు అనే క్రియ, చేరిస్తే కాన జైదున్ ముదర్రిసన్ అవుతుంది: జైద్ టీచరుగా ఉండేవాడు. జైద్ రఫాలోనే ఉన్నాడు, ఖబర్ మాత్రం నసబ్‌లోకి, అంటే కర్మకు వచ్చే విభక్తిలోకి మారి "అన్" తెచ్చుకుంది. సార, అస్బహ, బాత, లైస లాంటి కాన తోబుట్టువులు కూడా ఇదే పని చేస్తాయి.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఆ నసబ్ ఏ లెక్కన వచ్చిందన్న దగ్గరే పాత వ్యాకర్తలు ఇరాక్‌లోని బస్రా, కూఫా నగరాల పేర్లతో రెండు పక్షాలుగా చీలారు. 12వ శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు ఇబ్నుల్ అన్బారీ రెండు పక్షాల వాదాలనూ ఒకచోట చేర్చి చర్చించాడు. కూఫా వాళ్లు అది హాల్‌కి వచ్చే నసబ్ అన్నారు. జాఅ జైదున్ రాకిబన్, అంటే జైద్ స్వారీ చేస్తూ వచ్చాడు అన్నప్పుడు, వచ్చిన తీరు చెప్పే రాకిబన్ హాల్. బస్రా వాళ్ల లెక్క వేరు. కాన కర్మ కోరే క్రియలాంటిది, దాని ఇస్మ్, అంటే ఇక్కడ జైద్, కర్తను పోలింది, ఖబర్ కర్మను పోలింది, కర్మకు ఉండే నసబే దీనికీ వచ్చింది అన్నారు.

తెలుగువాళ్లకు మొదట కూఫా మాటే నచ్చుతుంది. టీచరుగా ఉండేవాడు అనడంలోని "గా" తీరును చెబుతున్నట్టే ఉంటుంది కదా. పైగా కూఫా వాదనలో గట్టి పాయింటు ఒకటుంది. దరబా రజులన్, అంటే ఆ ఇద్దరూ ఒక మనిషిని కొట్టారు అనవచ్చు. కొట్టినవాళ్లు ఇద్దరైనా దెబ్బ తిన్నవాడు ఒక్కడే కావచ్చు. కానలో అలా కుదరదు. కానా కాఇమైని, వాళ్లిద్దరూ నిలబడి ఉన్నారు అనాలి, కాఇమన్ అని ఏకవచనం పెట్టకూడదు. నిజంగా కర్మే అయితే కర్తతో వచనం ఎందుకు కలపాలి అని వాళ్ల ప్రశ్న.

బస్రా జవాబు నాకు సరిగ్గా అనిపిస్తుంది. కొట్టినవాడు, దెబ్బ తిన్నవాడు వేర్వేరు మనుషులు. కానలో ఇస్మ్, ఖబర్ రెండూ ఒకే మనిషి గురించినవి, అందుకే వచనం కలుస్తుంది. కర్మను పోలింది అన్నారే గానీ అచ్చంగా కర్మే అనలేదు.

తేల్చే పరీక్ష వేరే ఉంది. హాల్ మామూలుగా నకిరాగా, అంటే ఫలానా అని తేలని పదంగా ఉంటుంది. ఇప్పుడు జైదున్ అఖూక, జైద్ నీ అన్న, అనే వాక్యానికి కాన చేర్చండి. కాన జైదున్ అఖాక అవుతుంది. నీ అన్న అనగానే ఎవరో తెలిసిపోయింది, అది మారిఫా. అయినా నసబ్ వచ్చింది, "ఊ" కాస్తా "ఆ" అయింది. ఖబర్ సర్వనామంగా కూడా రావచ్చు. ఇబ్న్ సయ్యాద్ అనే కుర్రాడే అంత్యకాలపు మోసగాడు దజ్జాల్ ఏమోనన్న అనుమానం వచ్చినప్పుడు ఉమర్‌తో ప్రవక్త అన్న మాటలో ఇన్ యకున్‌హు, అంటే అతను వాడే అయితే, అని ఉంది. ఆ "హు" హాల్ ఎలా అవుతుంది? ఇంకో సంగతి, హాల్ తీసేసినా జైద్ వచ్చాడు అని వాక్యం నిలబడుతుంది. ఖబర్ తీసేస్తే కాన జైదున్ దగ్గర మాట మధ్యలో ఆగిపోతుంది.

అందుకే పాఠం చదివేటప్పుడు, ఏరాబ్, అంటే ఏ పదానికి ఏ విభక్తి ఎందుకో, రాసేటప్పుడు బస్రా దారే మేలు. కూఫా దారిలో వెళ్లే విద్యార్థి అఖాక దగ్గర తడబడవచ్చు.

అయితే హాల్‌ను పూర్తిగా పక్కన పెట్టలేం. కాన ఒక్కోసారి తామ్మా అవుతుంది, అంటే ఖబర్ అక్కర్లేని పూర్తి క్రియగా, ఉంది అనే అర్థంలో వస్తుంది. ఖురాన్ 2:280లో వ ఇన్ కాన జూ ఉస్రతిన్, ఇబ్బందుల్లో ఉన్నవాడు ఎవరైనా ఉంటే, అని ఉంది. కాన కనపడగానే నసబ్ అనుకునేవాళ్లు అక్కడ జా అని చదవబోతారు. జూ కర్త, రఫాలోనే ఉండాలి.

బాత దగ్గర మరింత జాగ్రత్త కావాలి. బాత జైదున్ సాహిరన్ అంటే జైద్ రాత్రంతా మేలుకునే ఉన్నాడు. సాహిరన్ లేకపోతే చెప్పదలిచిన మాటే పోతుంది కాబట్టి అది ఖబర్. బాత జైదున్ ఫిల్ ఫుందుకి ముత్అబన్ అంటే జైద్ అలసిపోయి హోటల్లో రాత్రి బస చేశాడు అని కూడా అర్థం తీసుకోవచ్చు. అప్పుడు బాత తామ్మా, ముత్అబన్ హాల్. చివర రెండింటికీ "అన్" ఒకటే కాబట్టి చెవితో తేడా తెలియదు. ఆ పదం తీసేసి వాక్యం మళ్లీ చదవండి. రాత్రి హోటల్లో ఉన్నాడు అని మాట పూర్తయితే అది హాల్, అసలు విషయమే పోతే ఖబర్.