గిబ్సన్ లెస్ పాల్ సెకండ్ హ్యాండ్‌లో కొనబోతున్నవారికి హెచ్చరిక: నకిలీకి 95,000 రూపాయలు పోగొట్టుకున్నాను

ఇది జరిగి నాలుగు రోజులైంది. ఇంకా కోపం చల్లారలేదు కాబట్టి మాటల్లో ఎక్కడైనా కటువుదనం కనిపిస్తే మన్నించండి. పాత గిటార్లు వెతికేవారికి ఆ విక్రేత ఎవరో నేను చెప్పకుండానే అర్థమవుతుంది. నెలకు మూడు నాలుగు సార్లు ‘‘విదేశం వెళ్ళిపోతున్నాను, అత్యవసరంగా అమ్ముతున్నాను’’ అనే మాటతో ప్రకటన పెట్టే బెంగళూరు పెద్దమనిషే ఆయన. 2011 నాటి గిబ్సన్ లెస్ పాల్ ట్రెడిషనల్ అనే ఎలక్ట్రిక్ గిటారు, చెర్రీ సన్‌బర్స్ట్ రంగు, కేసుతో సహా లక్షా పదివేలు అన్నారు. బేరమాడితే 95,000కు దిగివచ్చారు. కొత్త లెస్ పాల్ ఇంత తక్కువలో రాదని తెలిసి కూడా, నా అదృష్టం పండిందనే అనుకున్నాను. హైదరాబాద్ నుంచి వెళ్ళి చూసి వచ్చే తీరిక లేక ఫోటోలు అడిగాను. ఆయన పద్నాలుగు ఫోటోలు పంపారు. డబ్బు యూపీఐలో పంపేశాను, గిటారు కొరియర్‌లో వచ్చింది.

నన్ను నేను ఎందుకు తిట్టుకుంటున్నానో ముందే చెబుతాను. ఆ పద్నాలుగు ఫోటోల్లోనే గిటారు నకిలీదని చెప్పే ఆధారాలన్నీ ఉన్నాయి. ఆయన ఏదీ దాచలేదు. దాచవలసిన అవసరమే రాలేదు, ఎందుకంటే నేను పైభాగంలో మేపుల్ చెక్క చారలు ఎంత అందంగా ఉన్నాయో చూసుకుంటూ కూర్చున్నాను.

నేను చేసిన ఒకే ఒక్క ‘పరిశోధన’ సీరియల్ నంబరు చూడటం. గిటారు తల భాగమైన హెడ్‌స్టాక్ వెనుక తొమ్మిది అంకెలు చెక్కలోకి అచ్చు గుద్ది ఉన్నాయి, వాటి కింద అమెరికాలో తయారైనదని ఉంది. ఆ కాలపు గిబ్సన్ నంబర్లలో మొదటి అంకె, ఐదవ అంకె కలిపితే సంవత్సరం వస్తుంది, మధ్యలోని మూడు అంకెలు ఆ సంవత్సరంలో ఎన్నవ రోజో చెబుతాయి. నా దానిలో మొదటిది 1, తరువాత 132, ఐదవది మళ్ళీ 1. అంటే 2011లో 132వ రోజు, మే 12. లెక్క సరిగ్గా కుదిరింది, నేను పొంగిపోయాను. నకిలీ చేసేవాడు నిజమైన గిటారు నంబరునే చూసి గుద్దుతాడనీ, లెక్క కుదరకపోతే అనుమానించాలి గానీ కుదిరినంత మాత్రాన నమ్మకూడదనీ అప్పుడు తట్టలేదు. నిన్న అదే నంబరును ఇంటర్నెట్‌లో వెతికితే మరో రెండు గిటార్ల ఫోటోల్లో దర్శనమిచ్చింది, అందులో ఒకటి నల్లది. ఒకే రోజు, ఒకే నంబరుతో, మూడు రంగుల్లో పుట్టిన కవలలన్నమాట.

గిటారు వచ్చిన మరునాడు తీగల ఎత్తు సరిచేయించడానికి మా దగ్గర గిటార్లు బాగుచేసే మాస్టారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన కేసు తెరిచారు, హెడ్‌స్టాక్ వైపు ఒక్కసారి చూశారు, ఏమీ అనకుండా నావైపు తిరిగి, ‘‘బాబూ, ఈ చిన్న నల్ల మూతకు ఎన్ని స్క్రూలు ఉన్నాయి?’’ అని అడిగారు. లెక్కపెట్టి మూడు అన్నాను. ‘‘గిబ్సన్ వాళ్ళు రెండే పెడతారు,’’ అన్నారాయన. గంట ఆకారంలో ఉండే ఆ మూతను ట్రస్ రాడ్ కవరు అంటారు. దాన్ని విప్పి చూపించారు. గిటారు మెడ, అంటే నెక్ వంపును సరిచేసే కడ్డీ చివర గిబ్సన్‌లో ఆరు పలకల నట్టు ఉంటుంది, దాన్ని పైనుంచి గొట్టంలాంటి రెంచితో పట్టి తిప్పాలి. నా దానిలో నట్టే లేదు, ఎలెన్ కీ దూర్చడానికి ఒక రంధ్రం మాత్రం ఉంది. ఆ తరువాత ఆయన ఏమీ చెప్పనవసరం లేకపోయింది. అయినా చెప్పారు. నేను ఫోనులో ఆ పద్నాలుగు ఫోటోలు తెరిచి, ఆయన చెప్పే ఒక్కొక్కదాన్ని వాటిలో వెతుక్కుంటూ కూర్చున్నాను. రెండవ ఫోటోలోనే ఆ మూడు స్క్రూలు నన్ను చూసి నవ్వుతున్నట్లు కనిపించాయి.

లోగో సంగతి. ఈ మోడల్‌లో ‘గిబ్సన్’ అనే అక్షరాలు ముత్యపు చిప్పతో చేసి చెక్కలో పొదుగుతారు, అందువల్ల వెలుతురు పడే దిశ మారినప్పుడు వాటి మెరుపు కూడా మారుతుంది. నా దానిలో ఏ ఫోటో చూసినా అక్షరాలు సున్నం పూసినట్లు ఒకే తెలుపుతో ఉన్నాయి, అంచులు లావుగా ఉన్నాయి, మొత్తం లోగో కొంచెం కిందికి జారినట్లు ఉంది. అక్షరాల ఆకారాలు కాలాన్ని బట్టి మారాయి కాబట్టి ఎక్కడో చూసిన ఏదో ఒక గిబ్సన్‌తో పోల్చి ఉపయోగం లేదని, అదే సంవత్సరపు అదే మోడల్ ఫోటోను పక్కన పెట్టుకుని చూడాలని మాస్టారు అన్నారు. నేను పోల్చింది మా స్నేహితుడి పాత లెస్ పాల్ స్టూడియో అనే వేరే మోడల్‌తో. ఏం చెప్పమంటారు!

తీగలను వేళ్ళతో నొక్కే ఫ్రెట్‌బోర్డ్ మీద పొదిగిన ట్రెపిజాయిడ్ ఆకారపు ముక్కలు, అంటే ఇన్‌లేలు కూడా ఇంతే. అసలు వాటిలో పాలలో పొగ కలిసినట్లు తెరలు తెరలుగా కనిపిస్తుంది, ఒకదానికొకటి పోలిక ఉండదు. నా దానిలో అన్నీ ఒకే ముక్కలోంచి కోసినట్లు ఉన్నాయి, మూలల దగ్గర నల్లటి పూత నింపిన గీతలు ఉన్నాయి. ఒక్క మాట మాత్రం న్యాయంగా చెప్పాలి: అసలు గిబ్సన్‌లలో కూడా అక్కడక్కడా ఇన్‌లే చుట్టూ కాస్త పూత కనిపిస్తుంది. అందువల్ల ఇది ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

తీగలు బిగించే ట్యూనర్ల దగ్గర నేను మోసపోయిన తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ మోడల్‌కు పాతకాలపు క్లూసన్ తరహా ట్యూనర్లు రావాలి. అంటే వెనుక పలచటి రేకు పెట్టె, దానికి పైన ఒకటి, కింద ఒకటి చిన్న స్క్రూలు, తిప్పే చోట తులిప్ పువ్వు మొగ్గలాంటి లేతాకుపచ్చ బటన్లు. ఫోటోలో వెనుక గుండ్రటి బరువైన పెట్టెలు, ఒక్కొక్కదానికి పక్కన ఒకే స్క్రూ ఉన్నాయి. ఇది మాత్రం నేను గమనించాను, విక్రేతను అడిగాను కూడా. ‘‘పాతవి అరిగిపోతే గ్రోవర్లు వేయించాను బ్రో, అప్‌గ్రేడ్ అనుకో,’’ అన్నాడు. నేను ధన్యవాదాలు చెప్పాను! ట్యూనర్లు మార్చడం సర్వసాధారణం కాబట్టి మాట నమ్మదగినదే. కానీ నిజంగా మార్చి ఉంటే క్లూసన్ల పాత స్క్రూ రంధ్రాలు, లేదా వాటిని పూడ్చిన గుర్తులు, హెడ్‌స్టాక్ వెనుక ఆరు చోట్లా మిగలాలి కదా. తొమ్మిదవ ఫోటోను పెద్దది చేసి చూస్తే అక్కడ చెక్క పసిపిల్లవాడి బుగ్గలా నున్నగా ఉంది. ఆ చెక్క మీద మరో ట్యూనరు ఎన్నడూ లేదు.

అదే ఫోటోలో ఇంకా పెద్ద ఆధారం ఉంది. గిబ్సన్ హెడ్‌స్టాక్ వెనక్కి పదిహేడు డిగ్రీలు వాలి ఉంటుంది. నెక్, హెడ్‌స్టాక్ కలిపి ఒకే మహాగనీ దుంగలోంచి చెక్కి, వెడల్పు చాలనందుకు హెడ్‌స్టాక్ అటూ ఇటూ చిన్న రెక్కలు మాత్రం అతికిస్తారు. నకిలీలు చేసేవారికి అంత చెక్క ఖర్చు ఎందుకు? సన్నటి పలకను ఏటవాలుగా కోసి హెడ్‌స్టాక్‌ను వేరుగా అతికిస్తారు. నా గిటారు వెనుక ఎరుపు రంగు పారదర్శకంగా ఉండటం వల్ల, హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే నట్టుకు కాస్త కింద నెక్‌కు అడ్డంగా ఒక సన్నటి తిన్నని గీత స్పష్టంగా కనిపిస్తోంది. దానికి ఇటు చెక్క నార ఒక దిక్కున, అటు మరో దిక్కున పోతోంది.

ఇక్కడ తొందరపడకూడదు. గిబ్సన్ హెడ్‌స్టాక్‌లు కిందపడితే సరిగ్గా ఆ ప్రాంతంలోనే విరుగుతాయి, అతికించి అమ్మిన అసలు గిటార్లు చాలా ఉన్నాయి. విరిగి అతికిన గీత చెక్క నారను అనుసరించి వంకరటింకరగా పోతుంది, రెండు వైపులా నార ఒకదానిలోకి ఒకటి కలుస్తుంది. రంపంతో కోసి అతికించినది స్కేలు పెట్టి గీసినట్లు ఉంటుంది. వెనుక ముదురు రంగు కప్పి ఉంటే ఏ గీతా కనిపించదు, అప్పుడు ఈ పరీక్ష పనికిరాదు.

నెక్ బాడీని కలిసే చోటు పన్నెండవ ఫోటోలో ఉంది. లెస్ పాల్ నెక్‌ను జిగురుతో అతికిస్తారని అందరికీ తెలుసు, నా దానికీ అలాగే ఉంది, బోల్టులు లేవు కాబట్టి తృప్తిపడ్డాను. చూడవలసింది పక్కనున్న కట్‌అవే, అంటే బాడీని లోపలికి కోసిన వంపు, లోపలి అంచును. ఈ కాలపు అసలు గిటారులో అక్కడ బైండింగ్ అనే అంచుపట్టీ మిగతా చోట్ల ఉన్నంత సన్నగానే సాగుతుంది, దాని కింద మేపుల్ పొర అంచు పసుపుపచ్చగా బయటపడుతుంది. నా దానిలో అక్కడికి రాగానే బైండింగ్ వెడల్పై మేపుల్‌ను పూర్తిగా కప్పేసింది. డెబ్బై, ఎనభైల నాటి కొన్ని గిబ్సన్‌లలో కూడా వెడల్పు బైండింగ్ ఉంది గానీ, 2011 నాటిదని అమ్మిన దానిలో ఉండకూడదు. నెక్ అడుగుభాగమైన హీల్ చుట్టూ వార్నిష్ మందంగా గడ్డకట్టి ఉంది, సందును రంగుతో పూడ్చిన పని.

మాస్టారి దగ్గర నుంచే ఆ విక్రేతకు ఫోన్ చేశాను. వణుకుతున్న గొంతుతోనే మర్యాదగా, గిటారు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వమన్నాను. రెండు క్షణాలు మౌనం. తరువాత నవ్వాడు. ‘‘బ్రో, నీకు పద్నాలుగు ఫోటోలు పంపాను. నేను ఏమైనా దాచానా? చూసుకోవడం నీ పని. 95,000కు అసలు గిబ్సన్ వస్తుందని నువ్వు నిజంగా నమ్మావా?’’ అన్నాడు. డబ్బు పోయినందుకన్నా ఆ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేనందుకు ఎక్కువ మండింది. తిట్టడానికి నోరు తెరిచేలోగా పెట్టేశాడు, మరుసటి క్షణం నా నంబరు బ్లాక్ అయింది. అంతవరకు ‘బ్రో’ అన్న నోరే అది, అమ్మేటప్పుడు ‘మీలాంటి సంగీతం తెలిసినవారి చేతికే ఇవ్వాలనుకున్నాను సర్’ అన్న నోరు కూడా అదే.

సైబర్ నేరాల సహాయవాణి 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. చాట్లు, ఫోటోలు, యూపీఐ వివరాలు అన్నీ ఇచ్చాను.

కొనేవారు కనీసం ఈ నాలుగు ఫోటోలు పగటి వెలుతురులో, దగ్గరగా తీయించుకోండి: ట్రస్ రాడ్ కవరు విప్పి లోపలి నట్టు, హెడ్‌స్టాక్ వెనుక భాగం మొత్తం, లోగో రెండు కోణాల నుంచి, కట్‌అవే లోపలి అంచు. కవరు విప్పడానికి చిన్న స్క్రూ డ్రైవరు, రెండు నిమిషాలు చాలు. ‘విప్పితే వారంటీ పోతుంది’ అని పదమూడేళ్ళు దాటిన గిటారుకు చెప్పేవాడి దగ్గర కొనకండి. నాకు ఆ విక్రేత సరిగ్గా అదే చెప్పాడు, నేను సరే అన్నాను.

నిన్న రాత్రి ఆ ప్రకటన మళ్ళీ కనిపించింది. గిటారు నా గదిలో గోడకు ఆనుకుని ఉంది. అయినా అవే ఫోటోలు, అదే సీరియల్ నంబరు, ‘ఒక్కటే ఉంది, తొందరపడండి’ అనే మాట కూడా అదే. ధర మాత్రం 90,000కు తగ్గించాడు.