డబ్బు కట్టి రెజ్యూమే రాయించుకునే సివిల్ ఇంజనీర్లూ, జాగ్రత్త: నా అపార్ట్‌మెంట్‌ని డ్యామ్ చేసేశారు

విదేశీ ఉద్యోగాల కోసం రెజ్యూమే రాయించుకోవాలనుకుంటున్న సివిల్ వాళ్లు ఇది చదివాక డబ్బు కట్టండి. నేను ముందు కట్టి తర్వాత తెలుసుకున్నాను. ఆ సంస్థ పేరు రాయడం లేదు. పేరు కన్నా వాళ్లు పని చేసే తీరు తెలిస్తేనే మీకు ఉపయోగం.

వాళ్లు నన్ను అడిగింది పాత రెజ్యూమే ఒక్కటే. ఫోన్ లేదు, ప్రశ్న లేదు. మూడో రోజుకల్లా కొత్త ఫైలు వచ్చేసింది. చూడటానికి ముచ్చటగానే ఉంది. పాతదాంట్లో నా ప్రాజెక్టు గురించి ఉన్నది ఇంతే: మూడు టవర్ల ప్రాజెక్టు, అందులో 14 అంతస్తుల ఒక టవర్‌కి సైట్ ఇంజనీర్‌ని, ఒక్కో ఫ్లోరు 900 చదరపు మీటర్లు, మొత్తం 12,600. కొత్తదాంట్లో ఇంగ్లీషులో రాసినదాని అర్థం ఇదీ: "మూడు టవర్ల భారీ నివాస సముదాయ నిర్మాణానికి నాయకత్వం వహించి, 12,600 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్ పని పూర్తి చేసి, ఖర్చు 25 శాతం తగ్గించి, ఉత్పాదకత 40 శాతం పెంచాను."

తప్పు నాదీ ఉంది. చదివి మురిసిపోయానే గానీ, చదరపు మీటర్లు క్యూబిక్ మీటర్లయిన సంగతి గమనించలేదు. అలాగే పంపేశాను.

ఇంటర్వ్యూ వచ్చింది. అవతల ఉన్నాయన సైట్ల మీదే జుట్టు నెరిసిన మనిషి. బిల్టప్ ఏరియా ఎంత అని అడిగారు. 12,600 చదరపు మీటర్లు అన్నాను. ఆయన రెజ్యూమే వైపు ఒకసారి చూసి, "చదరపు మీటరుకి ఒక క్యూబిక్ మీటరు కాంక్రీటా? మీరు కట్టింది అపార్ట్‌మెంటా, డ్యామా?" అన్నారు.

ఆ భాగహారం ఆయన కాగితం మీద చేయలేదు, అలవాటుగా మనసులోనే చేశారు. మామూలు అపార్ట్‌మెంట్ టవర్‌లో స్లాబులు, బీములు, కాలమ్స్, గోడలు అన్నీ కలిపినా నేల పైభాగానికి చదరపు మీటరుకి 0.35 నుంచి 0.4 క్యూబిక్ మీటర్ల దగ్గర తిరుగుతుంది. రాఫ్ట్, బేస్‌మెంట్లు కలిపితే పెరుగుతుంది గానీ ఒకటి దాకా రాదు. నా టవర్‌లో పైభాగానికి నిజంగా పట్టింది సుమారు 4,700 క్యూబిక్ మీటర్లు, స్టీలు 500 టన్నులు. అంటే క్యూబిక్ మీటరుకి 106 కిలోలు. ఏరియా, కాంక్రీటు, స్టీలు ఇలా ఒకదానితో ఒకటి పొసగాలి. ఒక్కటి తేడా కొడితే మిగతావి నిజమైనా ఎవరూ నమ్మరు.

తర్వాత 25 శాతం దగ్గరికి వచ్చారు. ఏ ఖర్చులో, దేనితో పోలిస్తే? నా దగ్గర జవాబు లేదు. ఆర్‌సీసీ ఖర్చులో పెద్ద వాటా కాంక్రీటు, స్టీలుదే. అవి ఎంత పట్టాలో డ్రాయింగే చెబుతుంది. సైట్ ఇంజనీర్ చేతిలో ఉండేది వేస్టేజీ, రీవర్కు, కూలీల ఖాళీ సమయం. వాటిని పిండితే రెండు మూడు శాతం మిగిలినా గొప్పే. ఇక "నాయకత్వం" సంగతి. నేను పంపిన ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో సైట్ ఇంజనీర్, ఒక టవర్ అని స్పష్టంగా ఉంది. రెండు కాగితాలూ ఆయన ముందే ఉన్నాయి. పది నిమిషాల్లో కాల్ ముగిసింది.

కంప్లైంట్ చేస్తే వాళ్ల జవాబు, "కంపెనీలకు నంబర్లు కావాలి సార్, అందుకే పెట్టాం." యూనిట్ ఒక్కటి సరిచేసి పంపారు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఇదే సంస్థ దగ్గర రాయించుకున్న ఫ్రెండ్ రెజ్యూమే తెప్పించి చూశాను. వాడు రోడ్డు ప్రాజెక్టులో క్వాంటిటీ సర్వేయర్. అక్కడా అదే 25, అదే 40.

ఇక నేనే కూర్చున్నాను. ముందు నా పాత్ర ఎవరి తరఫునో రాశాను, మెయిన్ కాంట్రాక్టర్ తరఫున అని. అదే హోదా కన్సల్టెంట్ దగ్గరైతే పని తనిఖీ, కాంట్రాక్టర్ దగ్గరైతే పని చేయించడం. ఇది లేకపోతే చదివేవాళ్లకి మీరు చేసిందేమిటో అర్థం కాదు. తర్వాత నా కింద ఎవరు, నా పైన ఎవరు: ఇద్దరు ఫోర్‌మన్లు, 40 మంది కూలీలు, పైన ప్రాజెక్ట్ మేనేజర్. మొత్తం ప్రాజెక్టు మూడు టవర్లని ఒక్క ముక్కలో చెప్పి, నా వాటా ఒక టవర్ అని వెంటనే రాశాను. ఈ రెండూ కలిపేయడమే వాళ్లు చేసిన అసలు మోసం.

ఫలితం కోసం పాత పోర్ రిజిస్టర్ ఫొటోలు తీశాను. ఏ స్లాబు ఏ తేదీన వేశామో అందులో ఉంటుంది. మొదటి నాలుగు ఫ్లోర్లకి స్లాబుకీ స్లాబుకీ మధ్య సగటున 14 రోజులు. ఐదో ఫ్లోర్ నుంచి 10. ఎందుకు తగ్గిందో నాకు గుర్తుంది: కాలమ్‌ల స్టీలు కేజ్‌లను కింద కట్టి క్రేన్‌తో పైకి ఎక్కించడం మొదలుపెట్టాం, ప్రాప్స్ ఇంకో సెట్టు తెప్పించాం. ఆ ఆలోచనల్లో మొదటిది నాది, రెండోది మేనేజర్‌ది. చివరికి రాసిన వాక్యం ఇది: "మెయిన్ కాంట్రాక్టర్ తరఫున 14 అంతస్తుల టవర్‌కి (12,600 చదరపు మీటర్లు, 4,700 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు) సైట్ ఇంజనీర్, కాలమ్ కేజ్‌లను నేలపైనే కట్టించే పద్ధతి ప్రతిపాదించి, అమలు చేసి, అదనపు ప్రాప్స్ సాయంతో స్లాబ్ సైకిల్ 14 రోజుల నుంచి 10కి తగ్గడంలో పాలుపంచుకున్నాను."

శాతం పెట్టలేదు. 14, 10 అన్నవి చాలు, ఎవరైనా లెక్కేసుకుంటారు. పైగా "పది రోజుల్లో ప్రాప్స్ ఎలా తీశారు?" అని అడిగితే తీయలేదనీ, కింది ఫ్లోర్లలో ప్రాప్స్ అలాగే ఉంచి రెండో సెట్టుతో పైకి వెళ్లామనీ చెప్పగలను. రెండో ప్రశ్నకి నిలబడని నంబర్ రెజ్యూమేలో ఉంటే ప్రమాదమే.

రాయించుకోవడమే తప్పు అనను. ఇంగ్లీషు రాక ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు, బాగా రాసేవాళ్లూ ఉంటారు. కట్టే ముందు ఒక్కటి చూడండి: మీ ఏరియా ఎంత, కాంక్రీటు ఎంత, మీరు ఎవరి తరఫున, ఆ తగ్గింపు ఏ రిజిస్టర్‌లో ఉంది అని వాళ్లు మిమ్మల్ని అడుగుతున్నారా? అడగకుండానే రాస్తామంటే ఆ నంబర్లు ఎక్కడి నుంచి వస్తాయో మీరే ఆలోచించండి. వాళ్ల పాత శాంపిళ్లు రెండు వేరే వేరే రకం ప్రాజెక్టులవి అడిగి పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ అవే శాతాలు ఉంటే అక్కడే ఆగిపోండి.

మా ఫ్రెండ్‌కి ఈ విషయం చెప్పాక తన రెజ్యూమే మళ్లీ చదివాడు. రోడ్డు కొలతలు తీసి బిల్లులు చేసేవాడి రెజ్యూమేలో "స్లాబ్ సైకిల్ తగ్గించాను" అని ఉందట. ఇప్పటికే పదకొండు చోట్లకి పంపాడు.