ఫ్రీ కౌన్సెలింగ్ అని ఫోన్ వచ్చిందా? జర్మనీ పేరు చెప్పి ప్రైవేటు యూనివర్సిటీ అంటగడుతున్నారు, జాగ్రత్త

బీటెక్ ఫైనల్ ఇయర్ పిల్లలున్న ఇళ్లకి ఈ మధ్య ఒకటే ఫోన్లు. మా అక్కకీ వచ్చింది. "మేడమ్, మీ బాబు మెకానికల్ ఫైనల్ ఇయర్ కదా, ఆదివారం పేరెంట్స్‌కి ఫ్రీ కౌన్సెలింగ్ పెట్టాం, జర్మనీ యూనివర్సిటీ వాళ్లు కూడా వస్తున్నారు" అని. కాలేజీ పేరు, బ్రాంచి వాళ్లకి ముందే తెలుసు. ఎవరిచ్చారని అడిగితే మాత్రం మాట మార్చేశారు. అక్కా బావలతో పాటు నేనూ వెళ్లాను, అమీర్‌పేటలో ఆఫీసు.

టీ, బిస్కెట్లు అయ్యాక ఒక్కో కుటుంబాన్నీ విడిగా క్యాబిన్‌లో కూర్చోబెట్టారు. మా వాడి సీజీపీఏ 7.6 అనగానే కౌన్సెలర్ పెదవి విరిచి, ప్రభుత్వ యూనివర్సిటీ కష్టం సార్, ఏడాది వేస్ట్ అవుతుంది అన్నాడు. తర్వాత కాగితం మీద రెండు గడులు గీశాడు. ప్రభుత్వ యూనివర్సిటీ గడిలో బ్లాక్డ్ అకౌంట్ 12 లక్షలు. ప్రైవేటు గడిలో ఫీజు 12 లక్షలు, అందులోంచి స్కాలర్‌షిప్ 3 లక్షలు కొట్టేసి 9 లక్షలు. "చూశారా మేడమ్, ప్రైవేటే చవక!"

మోసమంతా ఆ కాగితంలోనే ఉంది.

బ్లాక్డ్ అకౌంట్ ఎవరికీ కట్టే ఫీజు కాదు. వీసా కోసం ఏడాది ఖర్చులకని 11,904 యూరోలు పిల్లాడి పేరు మీదే వేస్తాం, అక్కడికి వెళ్లాక నెలకి 992 యూరోల చొప్పున వాడికే తిరిగి వస్తాయి, అద్దె, తిండి అన్నీ అందులోంచే. ప్రైవేటులో చేరినా ఈ డబ్బు చూపించాల్సిందే కానీ, ఆ గడిలో దాన్ని రాయలేదు. పైగా అక్కడ రాసిన ఫీజు ఒక్క ఏడాదిది, కోర్సేమో రెండేళ్లు. స్కాలర్‌షిప్ రెండో ఏడాదికి ఉండదని నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. యూరో 100 రూపాయలనుకుని సరిగ్గా లెక్క వేస్తే రెండేళ్ల ఫీజు 21 లక్షలు. అదే చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజే లేదు, సెమిస్టర్‌కి కొన్ని వందల యూరోల కంట్రిబ్యూషన్ ఉంటుంది, అది 300 అనుకున్నా నాలుగు సెమిస్టర్లకి లక్షా ఇరవై వేలు. బ్లాక్డ్ అకౌంట్ రెండు వైపులా సమానమే. అయితే అన్నిచోట్లా ఫ్రీ కాదు: బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఇప్పుడు ఫీజు తీసుకుంటోంది.

మార్కుల మాట కూడా అంతే. జర్మనీలో 1 అంటే టాప్, 4 అంటే బొటాబొటి పాస్. మన గరిష్ఠ మార్కులోంచి మనకొచ్చింది తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి 1 కలుపుతారు. మా వాడి కాలేజీలో పాస్ మార్కు 5. అంటే 2.4ని 5తో భాగించి, 3తో గుణించి, 1 కలిపితే 2.44. చాలా కోర్సులు 2.5 లోపు ఉంటే అప్లికేషన్ చూస్తాయి. సీటు గ్యారంటీ అని నేననను, పెద్ద పేరున్న చోట్ల పోటీ గట్టిగానే ఉంటుంది, బీటెక్‌లో చదివిన సబ్జెక్టులు ఆ కోర్సుకి సరిపోవాలి కూడా. కానీ అసలు అప్లై చేయడమే వేస్ట్ అనడం అబద్ధం.

ఎందుకు అలా చెప్తారంటే, ప్రైవేటు యూనివర్సిటీ పిల్లాడి ఫీజులోంచి ఏజెంటుకి కమిషన్ ఇస్తుంది. ఫీజే లేని చోట వాళ్లకి మిగిలేదేముంది? ఆ రోజు వచ్చిన "యూనివర్సిటీ వాళ్లు" కూడా ఆ ప్రైవేటు యూనివర్సిటీ మార్కెటింగ్ వాళ్లే. కమిషన్ తీసుకోవడం తప్పని కాదు, అడిగితే దాచిపెట్టడమే నాకు నచ్చలేదు.

చివర్లో, ఈ రోజే 30 వేలు టోకెన్ కడితేనే స్కాలర్‌షిప్ అన్నారు. ఫారం తీసి చదివితే డబ్బు వెనక్కి రాదని, అప్లికేషన్లకి వాడే ఈమెయిల్, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటాయని చిన్న అక్షరాల్లో ఉంది. ఇది టోకెన్ కన్నా పెద్ద తలనొప్పి. ఏ యూనివర్సిటీకి అప్లై చేశారో, ఏం జవాబొచ్చిందో మనకి తెలిసే దారే ఉండదు. బావ అప్పటికే ఫోన్‌లో జీపే తెరిచాడు, అక్క ఆపింది.

వెళ్లాలనుకుంటే వెళ్లండి, కానీ వాళ్లిచ్చిన లిస్టులో ప్రతి పేరునీ hochschulkompass.de లో వెతకండి, ప్రభుత్వానిదా ప్రైవేటుదా అక్కడ ఉంటుంది. కోర్సులు, ఫీజులు, గడువులు daad.de లో దొరుకుతాయి. జర్మనీ చదువుకి మన సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ మా ద్వారానే అవుతుందంటే నమ్మకండి, పిల్లలే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. దానికి వారాలు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టండి. చలికాలం సెమిస్టర్‌కి చాలా చోట్ల గడువు జులై 15, కొన్నిచోట్ల ఇంకా ముందే అయిపోతుంది.

ఫోన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి, ఇప్పుడు స్కాలర్‌షిప్ 4 లక్షలంట.