ఫోను ఇంట్లో, పాట చేతి మీద: పదకొండు నెలల తర్వాత

నేను వేసుకునే పంజాబీ డ్రెస్సులకు జేబులుండవు. ఈ స్మార్ట్‌వాచీ కొనడానికి అసలు కారణం అదొక్కటే. కర్నూలులో మా ఇంటి నుంచి కేసీ కెనాల్ గట్టు దాకా వెళ్లి రావడానికి నాకు నలభై నిమిషాలు పడుతుంది. నాలుగేళ్లుగా ఆ నలభై నిమిషాలూ ఫోను ఎడమ చేతిలో పట్టుకునే నడిచాను. ఎండాకాలంలో తెల్లవారుజామున ఐదున్నరకే అరచేయి చెమటతో జారేది. పైగా ఆ వేళకే స్కూలు గ్రూపులో సందేశాలు మొదలవుతాయి. చేతిలో ఫోను ఉంటే చూడకుండా ఉండలేము. పాట కావాలి, ఫోను వద్దు. నా కోరిక ఇంతే.

ఆ కోరికను ఈ వాచీ తీర్చింది. రెండు చేతులూ ఊపుకుంటూ, చెవిలో నాదస్వరం వింటూ గట్టెక్కిన మొదటి రోజు నాకు కలిగిన సంతోషం ఈ రోజుకీ తగ్గలేదు. వాచీకి ఉన్న మిగతా హంగుల గురించి అందరూ రాస్తూనే ఉన్నారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. పాటల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. మొదటి నెలలో మా స్టాఫ్ రూములో అందరికీ కొనమని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాల్సి ఉంది.

ముందు ఒక హెచ్చరిక. పెట్టె మీద ‘మ్యూజిక్’ అని రాసి ఉన్నంత మాత్రాన వాచీలో పాటలు నిల్వ ఉంటాయని అనుకోకండి. తక్కువ ధర వాచీలు చాలావరకు ఫోనులో మోగే పాటను ఆపడానికి, మార్చడానికి మాత్రమే పనికొస్తాయి. ఫోను దూరమైతే వాటిలో పాట ఉండదు. రెండు విషయాలు విడివిడిగా అడగాలి. పాట ఫైలు వాచీలోకి ఎక్కుతుందా? ఇయర్‌బడ్స్ నేరుగా వాచీకే కలుస్తాయా? రెంటికీ అవునని జవాబు వస్తేనే మన పని జరుగుతుంది.

నా వాచీలో 4 జీబీ ఉందని రాశారు. దాని సొంత సాఫ్ట్‌వేర్ పోగా నాకు మిగిలింది 2.3 జీబీ. మా నాన్నగారి పాత ఎంపీ3 సీడీల నుంచి, ఆ తర్వాత కొన్న ఆల్బముల నుంచి తమ్ముడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చిన పాటలు నా దగ్గరున్నాయి. వాటిలో చాలావరకు 320 కేబీపీఎస్‌వి. ఆ నాణ్యతలో ఐదు నిమిషాల పాట 12 ఎంబీ తీసుకుంటుంది. అంటే 190 పాటలకు వాచీ నిండిపోతుంది. అవే పాటలను కంప్యూటర్‌లో 128 కేబీపీఎస్‌కు మార్చితే నిమిషానికి సుమారు ఒక ఎంబీ చాలు, 480 పాటల దాకా పడతాయి. ఇంట్లో తీరిగ్గా కూర్చుని వింటే వీణ తీగ మోతలో తేడా నాకు తెలిసింది. గట్టు మీద గాలిలో, నడకలో తెలియలేదు. అందుకే వాచీకి చిన్నవి, పెన్‌డ్రైవ్‌లో అసలువి ఉంచుకున్నాను. మార్చిన ఫైలుకు పోయిన నాణ్యత మళ్లీ రాదు కాబట్టి అసలువి చెరిపేయకూడదు.

నెలనెలా డబ్బు కట్టి పాటలు వినే యాప్‌లో దింపుకున్నవి ఇలా కాపీ కావు. వాటికి తాళం ఉంటుంది, ఆ యాప్‌లోనే తెరుచుకుంటాయి. మీ వాచీలో ఆ యాప్ దొరికి, వాచీలోకి దింపుకునే వీలు కూడా ఉంటేనే లాభం. నా వాచీలో అది లేదు, సొంత ఫైళ్లే దారి.

పాటలు ఎక్కించడానికి మొదటి రాత్రి చాలా సమయం పోయింది. బ్లూటూత్ మీద పంపితే ఒక్కో పాటకు రెండు నిమిషాలు పట్టింది. ఫోను తెర ఆరిపోతే పంపడం కూడా ఆగిపోయేది. వైఫైతో పంపే ఏర్పాటు ఉంది కానీ వాచీకి మా ఇంటి వైఫై పేరే కనిపించలేదు. కారణం తర్వాత తెలిసింది. మా రూటరు 5 గిగాహెర్ట్జ్ మీద ఒక పేరుతో, 2.4 మీద ఇంకో పేరుతో వైఫై ఇస్తుంది. ఇలాంటి వాచీలు చాలావరకు 2.4ను మాత్రమే అందుకుంటాయి. ఫోనును కూడా ఆ పేరుకే మార్చాక ఇరవై పాటలు ఐదు నిమిషాల్లో ఎక్కేశాయి. ఫైళ్ల పేర్లకు ముందు 001, 002 అని అంకెలు పెట్టుకున్నాను. ఉత్త 1, 2 అని పెడితే 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది, కచేరీ వరుస చెడిపోతుంది.

ఇయర్‌బడ్స్ కలపడంలో ఒక్కటే గుర్తుంచుకోవాలి. అవి అంతకుముందు ఫోనుకు అలవాటు పడి ఉంటాయి. డబ్బా మూత తీయగానే పక్కగదిలో ఉన్న ఫోనుకే అతుక్కుంటాయి, వాచీ మాత్రం ‘హెడ్‌సెట్ కలపండి’ అంటూ ఉంటుంది. మొదటిసారి వాటిని జత కుదిర్చే స్థితిలోకి తెచ్చి, వాచీ బ్లూటూత్ జాబితాలో ఎంచుకోవాలి. ఆ తర్వాత రోజూ మూత తీసే ముందే ఫోనులో బ్లూటూత్ ఆపేయడం నాకు అలవాటైంది.

ఇక నన్ను రెండు వారాలు బాధపెట్టిన సంగతి. ఇంట్లో పాట చక్కగా వినిపించింది. వీధిలోనూ బాగానే ఉంది. కెనాల్ గట్టు ఎక్కేసరికి ముక్కలు ముక్కలైంది. రాగం అందుకునే చోట ఒక అర సెకను మౌనం, మళ్లీ పాట, మళ్లీ మౌనం. కుడి చెవిలో ఎక్కువగా తెగేది. ఇయర్‌బడ్స్ చెడిపోయాయని అనుకుని కొన్న అంగడికి తీసుకెళ్లాను. ఆ అబ్బాయి అక్కడే పెట్టుకుని విని, ‘బాగానే పాడుతోంది కదా మేడమ్’ అన్నాడు. నిజమే, అక్కడ బాగానే పాడింది. నేను పట్టుబట్టడంతో వారంటీ కింద కొత్త జత ఇచ్చాడు. మర్నాడు గట్టు మీద అది కూడా అలాగే తెగింది.

మా తమ్ముడు సెల్ టవర్ల నిర్వహణలో పనిచేస్తాడు. ఫోనులో విషయం విని, ‘అక్కా, రేపు గట్టు మీద వాచీ ఉన్న చెయ్యి ఎదకు ఆనించుకుని వంద అడుగులు నడువు. తర్వాత చెయ్యి కిందికి వదిలి ఇంకో వంద అడుగులు నడువు. తేడా ఉంటే చెప్పు’ అన్నాడు. అలాగే చేశాను. ఎదకు ఆనించిన వంద అడుగుల్లో ఒక్కసారి కూడా తెగలేదు. చెయ్యి వదిలాక అది వెనక్కి ఊగిన ప్రతిసారీ తెగింది. వస్తువులో లోపం లేదని అప్పుడు అర్థమైంది.

బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది. మన ఒంట్లో ఉన్నదంతా ఎక్కువగా నీరే. ఎడమ మణికట్టు తుంటి పక్కకు, వెనక్కి వెళ్లినప్పుడు అక్కడి నుంచి కుడి చెవికి వెళ్లే దారిలో నడుము, ఛాతీ, తల అన్నీ అడ్డమే. ఇంట్లో గోడలు, పైకప్పు ఆ తరంగాలను తిప్పి కొడతాయి కాబట్టి ఒంటిని చుట్టి వచ్చి చెవికి చేరతాయి. కొండారెడ్డి బురుజు వైపు పాతబస్తీ సందుల్లో నడిచినప్పుడు నాకు ఒక్కసారీ తెగకపోవడానికి కారణం రెండు వైపులా ఉన్న ఆ గోడలే. కెనాల్ గట్టు మీద ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఖాళీ. దగ్గర్లో తిప్పి కొట్టే గోడేదీ లేదు. ఆరుబయట సిగ్నల్ ఇంకా బాగుంటుందని అనుకున్నాను, జరిగింది దానికి వ్యతిరేకం. ఫోనును ఎప్పుడూ ముందుకు, ఛాతీ ఎత్తులో పట్టుకునేదాన్ని కాబట్టి నాలుగేళ్లలో ఈ ఇబ్బంది తెలియలేదు. వాచీకి అంత పెద్ద యాంటెనా పెట్టే చోటూ లేదు.

కారణం తెలిశాక మార్గం దొరికింది. నా ఇయర్‌బడ్స్‌లో ఒకటే వాచీ నుంచి పాటను అందుకుని రెండోదానికి అందిస్తుంది. డబ్బాలోంచి ముందు ఏది తీస్తే అదే పెద్దరికం తీసుకుంటుంది. వాచీ ఎడమ చేతికి ఉంది కాబట్టి ఎడమది ముందు తీసి, చెవిలో పెట్టుకుని, నాలుగైదు సెకన్లు ఆగి కుడిది తీస్తున్నాను. ఈ ఒక్క మార్పుతో, నడక మొత్తంలో తెగడం మూడు నాలుగు సార్లకు తగ్గింది. అన్ని జతలూ ఇలా ఉండవు. కొన్నింటిలో రెండూ నేరుగా అందుకుంటాయి, కొన్నింటిలో కుడిదే ఎప్పుడూ పెద్దది. అలాంటి జత అయితే వాచీని కుడి చేతికి మార్చుకోవాలి. ఏది పెద్దదో తెలియకపోతే రెండూ చెవుల్లో పెట్టుకుని, వాచీని ఒకసారి ఎడమ చేతికి, ఒకసారి కుడి చేతికి కట్టుకుని ఆరుబయట నడిచి చూస్తే సరిపోతుంది. ఏ చేతికి ఉన్నప్పుడు తక్కువ తెగితే వాచీ ఆ చేతికే ఉండాలి.

బ్యాటరీ మీద నాకు ఫిర్యాదు లేదు. నలభై నిమిషాల పాటలకు ఆరు శాతం తగ్గుతుంది. నడక దూరం కొలవడానికి జీపీఎస్ కూడా పెట్టుకుంటే పదమూడు దాకా పోతుంది. నా దారి మారదు కాబట్టి జీపీఎస్ మానేశాను.

పదకొండు నెలల తర్వాత నా మాట ఇది. నాకు ఇది సరిగ్గా అమరింది. నేను వినేవి పాత పాటలు, అవి నా దగ్గర ఫైళ్లుగా ఉన్నాయి, రెండు నెలలకోసారి ఒక ఆదివారం కూర్చుని మార్చుకునే ఓపిక నాకుంది. ప్రతి శుక్రవారం కొత్త సినిమా పాటలు వినాలనుకునే మా సహోద్యోగి నా మాట నమ్మి కొని, నెల తిరగకుండానే మళ్లీ ఫోను పట్టుకుని నడుస్తోంది. ఆమెకు ఆ సలహా ఇచ్చినందుకు బాధపడ్డాను. ఇంకొకటి, నా వాచీలో సిమ్ లేదు. ఫోను ఇంట్లో ఉంటే దారిలో నేనెవరికీ ఫోను చేయలేను. గట్టు మీద రోజూ కనిపించే వాళ్లు పదిమంది ఉన్నారు, ఇంట్లో మావారికి నా దారీ వేళా తెలుసు. ఒంటరిగా, జనం లేని దారిలో నడిచేవారైతే ఫోనే పట్టుకెళ్లమంటాను.

నిన్న మా ఆడపడుచు ఇదే వాచీ కొనమంటావా అని అడిగింది. ఆమె ఉండేది అనంతపురంలో, నడిచేది పెద్ద మైదానంలో. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు నా వాచీ, ఇయర్‌బడ్స్ పెట్టుకుని మూడు రోజులు గట్టు మీద నాతో నడవమన్నాను. ఆ తర్వాతే డబ్బు తీయమన్నాను.