గుంటూరులోనే కలవాలా, విజయవాడ వెళ్లాలా?

పరిచయం ఇష్టంగా మారుతున్న తొలి రోజులు. ఇంట్లో చెప్పడానికి ఇంకా ఏమీ తేలలేదు. అలాంటప్పుడు సొంత ఊళ్లో కలవడం మేలా, విజయవాడ వెళ్లడం మేలా? మా పిన్ని కూతురూ, ఆఫీసులో నాకంటే చిన్నవాళ్లూ పదే పదే అడుగుతున్నారు. నేనూ, నాకు నచ్చిన అతనూ రెండూ చేసి చూశాం.

మొదట విజయవాడే ఎంచుకున్నాం. గంట ప్రయాణం, పక్కనే కృష్ణా నది, తెలిసిన ముఖాలు ఉండవన్న ధైర్యం. కానీ పెళ్లి బట్టలకైనా, పెద్ద డాక్టరుకైనా గుంటూరు వాళ్లు వెళ్లేది అక్కడికే. ఒక ఆదివారం భవానీ ద్వీపానికి పడవ కోసం వరసలో నిలబడితే, మా వెనకే మా వీధి పెద్దమ్మగారు మనవళ్లతో ఉన్నారు. "ఇక్కడున్నావేమ్మా?" అని అడిగారు. ఇంట్లో ఆఫీసు పని అని చెప్పి వచ్చాను. ఏం చెప్పాలో తోచలేదు. సాయంత్రానికి అమ్మకు తెలిసిపోయింది. ఆమె అతని గురించి అడగనేలేదు, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నా దృష్టిలో తేల్చేది ఇదే. ఎవరూ చూడని చోటు మనకు దొరకదు. చూసినవాళ్లు అడిగితే నిజమైన జవాబు ఉందా అన్నదే ముఖ్యం.

అందుకే తర్వాత గుంటూరులోనే, అరండల్‌పేటలో ఒక టిఫిన్ హోటల్‌కు మారాం. ఆఫీసు అయ్యాక ఆరింటికి, ముప్పావుగంట, అందరికీ కనిపించే బల్ల దగ్గర. "స్నేహితుడితో టిఫిన్ చేసి వస్తాను" అని ఇంట్లో చెప్పేదాన్ని. ఒకరోజు బాబాయి వచ్చారు. లేచి పరిచయం చేశాను: "ఈయన మా పై అంతస్తు ఆఫీసులో పని చేస్తారు, బాబాయ్." ఆయన మాతోపాటే కాఫీ తాగి వెళ్లారు. ఇంటికి మోసుకెళ్లడానికి అందులో ఏమీ లేదు. మా మధ్య ఉన్న ఇష్టం మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

ఊళ్లో కలవడానికీ హద్దులున్నాయి. వారం వారం అదే బల్ల దగ్గర కూర్చుంటే, అడగకుండానే మీ ఇద్దరి కాఫీలు వస్తాయి. అప్పటికి చోటు మార్చాలి. బండి మీద సందు మొదట్లో దింపించుకోవద్దు. బ్రాడీపేట లాంటి చోట్ల ముఖం కంటే ముందు బండిని గుర్తుపడతారు. మీ బ్యాంకు ఖాతాకు నాన్న ఫోను నంబరు ఉంటే, చెల్లించినప్పుడు సందేశం ఆయనకే వెళ్లొచ్చు. నోట్లు దగ్గర పెట్టుకోండి.

స్నేహితుల గుంపులో కలిస్తే మాట్లాడుకోవడం కుదరదు. ఫోనులోనే సరిపెట్టుకుంటే మనిషి సగమే తెలుస్తాడు.

ఇంట్లో కోపం చెయ్యి చేసుకునేదాకా వెళ్తుందని తెలిసినవాళ్లకు మాత్రం నా మాట వర్తించదు. వాళ్లకు విజయవాడే నయం. ఎక్కడికి, ఎవరితో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో నమ్మకమైన ఒక్కరికి చెప్పి వెళ్లాలి. నేను మా అక్కకు చెప్పేదాన్ని.