రెడీమేడ్ రింగులు కొనేవాళ్లు జాగ్రత్త: ఫార్ములా కరెక్టే, అందులో వేసిన పొడవే తప్పు

పిల్లర్లకు రింగులు సైట్‌లోనే వంచుకుందాం అనుకున్నాం. మేస్త్రీకి మనుషులు దొరక్క, వంచి ఇచ్చే చోట 600 ఆర్డర్ పెట్టాను. 8 ఎం.ఎం. రాడ్డు, బయటి కొలత 150 × 370 మిల్లీమీటర్లు, రెండు కొసలకీ 80 మిల్లీమీటర్ల హుక్కు. యాభై చొప్పున కట్టలు కట్టి 12 కట్టలు దించి వెళ్లారు. బిల్లులో బరువు 284.4 కిలోలు అని ఉంది. పక్కనే చిన్న అక్షరాలతో లెక్క కూడా వేసి ఇచ్చారు, అది చూసి నాకు నమ్మకం ఇంకా పెరిగింది. చివరికి ఆ లెక్కే వాళ్లని పట్టించింది.

ఆ లెక్క ఇదీ:

```
64 / 162 = 0.395 కిలో (మీటరుకు)
1.200 మీ × 600 = 720 మీ
720 × 64 / 162 = 284.4 కిలోలు
```

చూడటానికి తప్పేమీ కనపడదు. రాడ్డు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు రాడ్డు బరువు కిలోల్లో వస్తుంది. 162 అంటే మంత్రం కాదు. ఘనమీటరు ఉక్కు 7850 కిలోలు తూగుతుందని తీసుకుని, గుండ్రటి కోత వైశాల్యంతో గుణించి సర్దితే వ్యాసం వర్గం కింద 162.2 మిగులుతుంది. ఆ పాయింటు రెండు వదిలేస్తే వచ్చే తేడా ఎవరికీ ఆనదు. అందుకే ఫార్ములా మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ దానికి మనం ఇచ్చేవి రెండే రెండు సంఖ్యలు, వ్యాసం, పొడవు. నా బిల్లులో ఆ రెండూ నిజం కాదు.

నాకు అనుమానం రావడానికి కారణం ఒక పొరపాటు, అదీ వాళ్లదే. మూడో కట్ట విప్పుతుంటే వంచడం మర్చిపోయిన తిన్నటి ముక్కలు రెండు బయటపడ్డాయి. మేస్త్రీ వాటిని పక్కకు విసరబోతూ, "ఇవి పొట్టిగా ఉన్నాయి సార్, బిల్లులో మీటరుంబావు లెక్కన వేశారా ఏంటి?" అన్నాడు. టేపు పెట్టి చూశాం. రెండూ 1,105 మిల్లీమీటర్లు ఉన్నాయి. బిల్లులో ఉన్నది 1,200.

మొదట నేను హుక్కులు కత్తిరించారేమో అనుకున్నాను. వంచిన రింగులు నాలుగైదు తీసి కొలిస్తే హుక్కు ఎనభై ఎనభైగానే ఉంది, బయటి కొలత కూడా సరిపోయింది. అంటే రింగులో తప్పు లేదు. మరి 95 మిల్లీమీటర్లు ఎక్కడికి పోయాయి? మేస్త్రీ నవ్వి, "ఎక్కడికీ పోలేదు సార్, అసలు లేనే లేవు. బెండ్లు తీసెయ్యకుండా బిల్లేశారు" అన్నాడు.

ఇది ఇల్లు కట్టించుకునేవాళ్లలో చాలామందికి తెలియదు, నాకూ అప్పటిదాకా తెలియదు. రింగు కొలతను మనం మూల నుంచి మూలకి, బయటి అంచున చెబుతాం. ఆ లెక్కన చుట్టుకొలత 2 × (150 + 370), అంటే 1,040. రెండు హుక్కులకు 160 కలిపితే 1,200. కానీ రాడ్డు మూలలో చతురస్రంలా మడత పడదు, ఒంపు తిరిగి పోతుంది. బయటి అంచు కొలిచే దారి కన్నా రాడ్డు నిజంగా నడిచే దారి తక్కువ. అందుకే కట్ చేసే ముందు ఒక్కో లంబకోణపు బెండుకి వ్యాసానికి రెండింతలు, 135 డిగ్రీల హుక్కు బెండుకి మూడింతలు తీసేస్తారు. రింగులో మూడు మూలలు లంబకోణాలు. నాలుగో మూలలో రెండు కొసలూ కలుస్తాయి, అక్కడ రెండు హుక్కు బెండ్లు ఉంటాయి. 8 ఎం.ఎం. రాడ్డుకి మూడు పదహార్లు నలభై ఎనిమిది, రెండు ఇరవై నాలుగులు నలభై ఎనిమిది, మొత్తం 96. 1,200లోంచి తీస్తే 1,104. మన చేతిలో ఉన్న ముక్క 1,105. వాళ్ల కటింగ్ మనిషి పని పక్కాగా చేశాడు, బిల్లు రాసిన మనిషి మాత్రం ఆ 96 తియ్యలేదు. తెలిసే వదిలేశాడా, తెలియకా అనేది నేను చెప్పలేను. కాకపోతే మిషన్ దగ్గర గుర్తున్న కోత బిల్లు దగ్గర గుర్తు లేకపోవడం విచిత్రం.

పొడవుతో ఆగిపోదామనుకున్నాను. కానీ ఆ రెండు ముక్కలూ చేతిలో ఉన్నాయి కదా అని వంటింటి కాటా మీద పెట్టాను. రెండూ కలిపి 818 గ్రాములు, అంటే ఒక్కోటి 409. దాన్ని 1.105 మీటర్లతో భాగిస్తే మీటరుకు 0.370 కిలో. ఉండాల్సింది 0.395.

ఇక్కడ ఫార్ములాని తిరగేసి వాడొచ్చు. మీటరు బరువుని 162తో గుణించి వర్గమూలం తీస్తే ఆ రాడ్డు నిజంగా ఎన్ని ఎం.ఎం.లో తెలుస్తుంది. 0.370 × 162 = 59.94, దాని వర్గమూలం 7.74. పేరుకి ఎనిమిది, బరువుకి ఏడుముప్పావు.

వెర్నియర్ పెట్టి చూస్తే సరిపోదా అని మా తమ్ముడు అడిగాడు, తెచ్చి పెట్టాడు కూడా. రిబ్బుల మీద పెడితే ఎనిమిది దాటి చూపించింది, రిబ్బుల మధ్య పెడితే ఏడున్నర దగ్గర ఆగింది. రిబ్బులున్న రాడ్డుకి వెర్నియర్ ఏ సంఖ్య కావాలంటే ఆ సంఖ్య చెబుతుంది. అమ్మేవాడు రిబ్బుల మీద పెట్టి "చూడండి, ఎనిమిది పైనే ఉంది" అంటే తల ఊపకండి. ఈ రాడ్డుకి వ్యాసం అనేది బరువుతోనే తేలుతుంది. నిఖార్సైన పొడవు, నిఖార్సైన బరువు, ఆ రెండే సాక్ష్యాలు.

ఇప్పుడు ఒక కట్ట మీద మొత్తం కథ చూడండి. కట్టలో యాభై రింగులు. బిల్లు లెక్కన 60 మీటర్లు, 23.7 కిలోలు. బెండ్లు తీసేసి, రాడ్డు నిజంగా 8 ఎం.ఎం. అనుకుంటే 55.25 మీటర్లు, 21.8 కిలోలు. విప్పని కట్ట ఒకటి కొక్కెం కాటాకి వేలాడదీస్తే వచ్చింది 20.4. కాటా మీద అనుమానంతో నీళ్ల డబ్బాని ఖాళీగా ఒకసారి, ఇరవై లీటర్లు పోసి ఒకసారి తూచాను. తేడా ఇరవై కిలోలే వచ్చింది, కాటా బాగానే ఉంది. అంటే ఒక్కో కట్టలో మూడుంపావు కిలోలు లేని ఇనుముకి డబ్బు కట్టాను. అందులో సుమారు 1.9 కిలోలు లేని పొడవుకి, 1.4 కిలోలు లేని మందానికి. పన్నెండు కట్టలకీ కలిపితే 39 కిలోలు.

ఈ రెండు నష్టాలనీ విడివిడిగా పట్టుకోవడం ముఖ్యం, ఎందుకంటే అమ్మేవాడి సమాధానం రెండింటికీ వేర్వేరుగా ఉంటుంది. నేను మొదట కలిపే అడిగి బోల్తా పడ్డాను. "39 కిలోలు తక్కువ వచ్చింది" అన్నాను. "ఐఎస్ 1786 చూడండి సార్, సన్న రాడ్డులో ఏడు శాతం దాకా తేడా ఉండొచ్చు" అన్నాడు. ఆ మాట నిజమే. ఆ ప్రమాణంలో 10 ఎం.ఎం. వరకూ ఉన్న రాడ్లకి బ్యాచ్ మొత్తం మీద బరువు ఏడు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, విడి ముక్క అయితే ఎనిమిది శాతం దాకా తగ్గొచ్చు. 10 దాటి 16 వరకూ అయితే బ్యాచ్‌కి ఐదు శాతం, ఆపైన మూడు శాతం. నా రాడ్డు తగ్గింది ఆరు శాతం పైచిలుకు. అంటే సరుకు నాసిరకం అని వెనక్కి పంపే వీలు నాకు లేదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే తట్టింది. ఆ ఏడు శాతం రాడ్డు పాసా ఫెయిలా తేల్చడానికి పెట్టింది. లేని బరువుకి బిల్లు వెయ్యొచ్చని అందులో ఎక్కడా లేదు. కాటా మీద తూచి అమ్మితే ఈ గొడవే రాదు, ఎంత తూగితే అంతకే డబ్బు. ఫార్ములా మీద బిల్లు వేసినప్పుడే సన్నగా తయారైన రాడ్డులోని తేడా అంతా కొన్నవాడి నెత్తిన పడుతుంది. రాడ్డు ఆరు శాతం లావుగా వస్తే లాభం మనదే కదా అంటారు. అలా వచ్చిన కట్ట నాకైతే ఇంకా తగల్లేదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆ తిన్నటి ముక్క ఒకటి, టేపు ఒకటి పట్టుకెళ్లి పొడవు సంగతి ఒక్కటే అడిగాను. మందం మాట ఎత్తలేదు. అతను ముక్క కొలిచి, కటింగ్ మనిషిని పిలిచి, వాళ్ల సొంత కటింగ్ పుస్తకం తెరిపించాడు. అందులో 1,105 అనే రాసుంది. ఇక అనడానికి ఏమీ లేక 1.105తో కొత్త బిల్లు వేశాడు, 261.9 కిలోలకి. తర్వాత మందం సంగతి అడిగితే "అది కంపెనీ నుంచి అలాగే వచ్చింది" అని తేల్చేశాడు. ఆ పదహారు కిలోల పైచిలుకు డబ్బు పోయినట్టే.

మీకు తిన్నటి ముక్కలు దొరక్కపోవచ్చు. ఆర్డర్ పెట్టేటప్పుడే ప్రతి సైజులో ఒక ముక్క వంచకుండా పంపమని అడగండి. ఇవ్వకపోతే ఒక రింగుని సుత్తితో తిన్నగా చేసి కొలవండి, నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ వచ్చినా 96 దాగదు. తూచేటప్పుడు మాత్రం ఒకే రింగుతో సరిపెట్టకండి, కనీసం పది కలిపి తూచండి, వదులుగా ఉన్న తుప్పు, మట్టి దులిపి. నా సైజు రింగులు పది బిల్లు ప్రకారం 4.74 కిలోలు ఉండాలి, నిజమైన 8 ఎం.ఎం. అయితే 4.37, నాకు వచ్చినవి 4.09. ఈ మూడు సంఖ్యలూ ఒకదానికొకటి ఇంత దూరంగా ఉన్నాయి కాబట్టి మామూలు కాటా చాలు. పొడవు కొలిస్తే 1,104 కన్నా బాగా తక్కువ వచ్చిందనుకోండి, అప్పుడు చూడాల్సింది బిల్లు కాదు, హుక్కులు. హుక్కు పొట్టిదైతే రింగు ఊడి తెరుచుకుంటుంది, అవి పిల్లర్‌లో పెట్టకుండా ఇంజనీరుకి చూపించండి.

స్లాబు బీముల రింగుల ఆర్డర్ కాగితం మీద ఈసారి నేనే రాసి ఇచ్చాను: "బెండ్లు తీసిన కటింగ్ లెంగ్త్ రాయాలి. బరువు కాటా ప్రకారం." మొదటి లైనుకి వెంటనే ఒప్పుకున్నాడు. రెండో లైను చదివి, కాటా రిపేర్‌లో ఉందన్నాడు. పక్క వీధి వేబ్రిడ్జికి పంపిద్దాం అన్నాను.