పాన్, ఆధార్ వివరాలు కలవకపోతే ఏది మార్చడం మేలు?

పాన్‌ను ఆధార్‌తో లింక్ చేయడం రెండు నిమిషాల పని. ఆదాయపన్ను శాఖ పోర్టల్‌లో Link Aadhaar నొక్కి రెండు నంబర్లూ, ఆధార్‌లో ఉన్న పేరూ కొట్టి, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ ఇస్తే చాలు. మరి 2023 జూన్ 30 గడువు దాటాక కూడా ఇంతమంది పాన్‌లు పనిచేయని జాబితాలో ఎందుకు ఉండిపోయాయి? కొందరు పట్టించుకోలేదు. కొందరు ప్రయత్నించి, వివరాలు కలవలేదన్న మాట చూసి ఆగిపోయారు. ఈ వ్యాసం ఆ రెండో రకం వారికి. వారి ముందు మూడు దారులున్నాయి: పాన్‌లో వివరాలు మార్చడం, ఆధార్‌లో మార్చడం, ఏదీ మార్చకుండా పాన్ కేంద్రంలో వేలిముద్ర వేసి లింక్ చేయించుకోవడం. చాలామంది దగ్గర్లో ఏ కేంద్రం ఉంటే అక్కడికి వెళ్లి, అక్కడివాళ్లు ఏది చేయగలిగితే అది చేయించుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. తప్పుగా ఉన్న దానికి తగ్గట్టు ఒప్పుగా ఉన్నదాన్ని మార్చేస్తే, ఇవాళ లింక్ అయినా రేపు బ్యాంకులోనో పీఎఫ్‌లోనో అదే గొడవ మళ్లీ వస్తుంది.

ముందు ఏది కలవడం లేదో తేల్చుకోవాలి. సరిచూసేవి మూడే: పేరు, పుట్టిన తేదీ, లింగం. తండ్రి పేరు, చిరునామా తేడాగా ఉన్నా లింక్‌కు అడ్డం కావు. ఆధార్ వివరాలకు పర్సులోని పాత కార్డును నమ్మకండి, myAadhaar నుంచి తాజా ఇ-ఆధార్ దించుకుని చూడండి. పాత కార్డుల్లో కొన్నింటి మీద పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. పాన్ వివరాలకు ఆదాయపన్ను పోర్టల్‌లో లాగిన్ అయి My Profile తెరవండి. ఇది ఎందుకంటే, పాన్ కార్డు మీద పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి గానీ లింగం అచ్చు వేయరు. దరఖాస్తు నింపినవాళ్లు అప్పట్లో పొరపాటున వేరే గడిలో టిక్ పెట్టి ఉంటే కార్డు ఎంత తిప్పి చూసినా తెలియదు. పేరూ తేదీ అచ్చంగా ఒకటే ఉండి కూడా లింక్ కావడం లేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఆ తప్పు పాన్‌లో ఉంటే పాన్‌లోనే దిద్దుకోవాలి, ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

పేరు విషయంలో కాస్త వెసులుబాటు ఉంది. తేదీ, లింగం సరిగ్గా ఉండి పేరులో చిన్న తేడా మాత్రమే ఉంటే, ఆధార్‌కు జత చేసిన మొబైల్‌కి వచ్చే ఓటీపీతో పని జరిగే అవకాశం ఉంది. అందుకని Link Aadhaar పేజీలో Name as per Aadhaar అన్నచోట ఇ-ఆధార్ మీద ఇంగ్లిషులో ఎలా ఉందో అలాగే కొట్టండి. ఇనిషియల్ ఉంటే ఇనిషియల్, ఖాళీ ఉంటే ఖాళీ. పాన్ మీది పేరు కొట్టి, కలవలేదని కంగారుపడేవారు చాలామంది. పాత ఆధార్‌లో సంవత్సరం మాత్రమే ఉన్నవారికి అదే పేజీలో వేరే టిక్ గడి ఉంటుంది.

ఇప్పుడు మూడు దారులను పక్కపక్కన పెట్టి చూద్దాం.

పాన్ దిద్దుబాటును పాన్ సేవా సంస్థలైన ప్రోటియన్ లేదా యూటీఐఐటీఎస్ఎల్ ద్వారా చేస్తారు. కార్డు ఇంటికి రావాలంటే చాలాకాలంగా రూ.107 తీసుకుంటున్నారు. సుమారు రెండు, మూడు వారాలు పడుతుంది. దీనిలోని అసలు సుఖం ఏమిటంటే, సరైన కాగితం ఉంటే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

ఆధార్ దిద్దుబాటులో ఆ సుఖం లేదు. జీవితకాలంలో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి, లింగం ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. రుసుము 2025 అక్టోబర్ 1 నుంచి రూ.75. ఒకే రాకలో పేరు, తేదీ రెండూ దిద్దించుకున్నా అదే రుసుము. కాబట్టి తేదీ కోసం వెళ్తున్నవారు పేరులోని తప్పు కూడా అప్పుడే చెప్పాలి. ఆధార్ సేవా కేంద్రాల్లో ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. కొన్ని బ్యాంకులు, పోస్టాఫీసుల్లోనూ ఈ పని చేస్తారు.

వేలిముద్ర దారి పాన్ సేవా సంస్థల ఎంపిక చేసిన కేంద్రాల్లో ఉంటుంది. అన్ని పాన్ ఏజెంట్ల దగ్గరా ఉండదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. వివరాలు కలవకపోయినా మనిషి ఆ ఆధార్ తాలూకు మనిషే అని బయోమెట్రిక్‌తో రుజువు చేసి లింక్ అభ్యర్థన పంపుతారు. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ ఆధార్‌లో తప్పు ఉంటే అది అక్కడే, అలాగే ఉంటుంది. పొలం పనులు చేసి చేతులు అరిగినవారికి, వయసు మళ్లినవారికి వేలిముద్ర పడకపోవడం ఇంకో ఇబ్బంది.

మరి ఏది మేలు? పేరుకు ఒక లెక్క, తేదీకి ఇంకో లెక్క.

పేరు తేడా అయితే, ఆధార్‌లో పేరు ఒప్పుగా ఉన్నంతవరకు పాన్‌నే మార్చుకోండి. అవకాశాలు లెక్కపెట్టి ఇచ్చే చోట వాటిని అనవసరంగా ఖర్చు చేయడం ఎందుకు? పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారి, పాన్‌లో పుట్టింటి పేరు ఉండిపోయిన ఆడవాళ్లకు ఇదే సరైన దారి, బ్యాంకు ఖాతా కూడా మారిన పేరుతోనే ఉన్నప్పుడు. ఉద్యోగం, సర్టిఫికెట్లు, ఖాతా అన్నీ పుట్టింటి పేరుతోనే నడుస్తుంటే పాన్‌ను కదపకండి. ఆధార్‌నే వెనక్కి మార్చుకోవచ్చు, కాకపోతే పేరు మార్పు అవకాశాల్లో ఒకటి ఖర్చవుతుంది.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో పేరుకు ఒకటే గడి. ‘P V Ramana Rao’ అని చెబితే అలాగే ఎక్కింది. పాన్ ఫారంలో ఇంటిపేరు, పేరు, మధ్య పేరు విడివిడి గడులు, ఇంటిపేరు పూర్తిగా రాయాలని సూచన. దాంతో అక్కడ అదే మనిషి ‘Pasupuleti Venkata Ramana Rao’ అయ్యాడు. ఇలాంటప్పుడు పాన్‌ను కుదించి ఆధార్ రూపానికి తేవాలని చూడటం వృథా శ్రమ. ఆధార్‌లోనే ఇనిషియల్స్ విప్పి రాయించండి. పదో తరగతి మెమోలోనూ పూర్తి పేరు ఉంటే ఇక తటపటాయించక్కర్లేదు.

పుట్టిన తేదీ దగ్గర నా సలహా పూర్తిగా వేరు. ఆధార్ కొత్తగా ఇస్తున్న రోజుల్లో కాగితం చూపనివారికి నోటితో చెప్పిన వయసును బట్టి తేదీ వేశారు. అందుకే జనవరి 1న పుట్టినవాళ్లు ఒక్కో ఊళ్లో అంతమంది కనిపిస్తారు. పాన్ మీద అసలు తేదీ ఉండి, ఆధార్‌లో 01/01 ఉంటే, పాన్‌ను 01/01కి మార్చుకోమని చెప్పేవారి మాట వినకండి. లింక్ అవుతుంది గానీ ఆ తప్పు తేదీ పాన్‌లోకీ, దాని నుంచి పీఎఫ్, బీమా, పెన్షన్ కాగితాల్లోకీ పాకుతుంది. తర్వాత ఒక్కోదాన్నీ దిద్దుకుంటూ తిరగాలి. ఉన్న ఒక్క అవకాశాన్నీ అసలు తేదీ ఆధార్‌లో ఎక్కించుకోవడానికే వాడండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకామె పాన్‌లో ‘Kolli Naga Lakshmi’, 12/06/1985. పదో తరగతి మెమోలోనూ అదే. ఆధార్‌లో ‘Kolli Laxmi’, 01/01/1985. తేదీ కలవడం లేదు కాబట్టి ఓటీపీ వెసులుబాటు ఆమెకు వర్తించదు. తప్పులు రెండూ ఆధార్‌లోనే ఉన్నాయి, ఒప్పు పాన్‌లో ఉంది. ఆమె పేరుకు రుజువుగా పాన్ కార్డు, తేదీకి రుజువుగా మెమో ఒరిజినల్ తీసుకుని ఆధార్ కేంద్రానికి ఒకేసారి వెళ్లాలి. ఆపరేటర్ కొట్టాక స్క్రీన్ మీద ఇంగ్లిషు స్పెల్లింగ్‌ను అక్షరం అక్షరం చదవాలి. తెలుగులో ‘లక్ష్మి’ అని సరిగ్గానే కనిపిస్తుంది, ఇంగ్లిషులో మాత్రం Laxmi అలాగే ఉండిపోవచ్చు. లింక్‌కు చూసేది ఇంగ్లిషునే. తేదీలో 12/06, 06/12 తారుమారు కాలేదని కూడా అక్కడే చూసుకోవాలి, ఎందుకంటే ఈ మార్పు ఆమోదం పొందితే ఆమెకున్న ఒక్క అవకాశం అయిపోయినట్టే. రసీదు మీద 14 అంకెల ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, సమయం ఉంటాయి. స్థితి తెలుసుకోవడానికి అవే ఆధారం, పారేయకూడదు. మెసేజ్ వచ్చాక ఇ-ఆధార్ మళ్లీ దించి, మారినట్టు కళ్లతో చూసుకున్నాకే లింక్ ప్రయత్నించాలి.

గడువు దాటినందుకు రూ.1000 రుసుము ఉంటుంది. e-Pay Taxలో Other Receipts (500) ఎంచుకుని, అందులో Fee for delay in linking PAN with Aadhaar చూసి కట్టాలి. వేరే పద్దు కింద కడితే లింక్ పేజీ ఆ డబ్బును గుర్తించదు. ఇప్పటికే కట్టేసి, వివరాలు కలవక ఆగిపోయినవారు మళ్లీ కట్టక్కర్లేదు, పాత చలానే చెల్లుతుంది. ఇంకా కట్టనివారు మాత్రం ముందు తప్పు దిద్దుకుని తర్వాత కట్టడం మంచిది. అభ్యర్థన పంపాక అది సరిచూడటానికి ఆధార్ జారీ చేసే యూఐడీఏఐకి వెళ్తుంది. Link Aadhaar Statusలో లింక్ అయిందని కనిపించేదాకా పని అయినట్టు కాదు. పాన్ మళ్లీ పనిచేయడానికి 30 రోజుల దాకా పట్టవచ్చు. ఆలోగా వచ్చే వడ్డీ వంటి వాటి మీద టీడీఎస్ ఎక్కువ రేటున పడుతుంది, రీఫండ్ ఆగుతుంది.

ఇక వేలిముద్ర దారి ఎవరికి? ఆధార్‌లో తేదీ మార్పు అవకాశం అయిపోయినవారికి, లేదా పెద్ద రీఫండ్ ఆగిపోయి, ఆధార్ మార్పు ఆమోదమయ్యేదాకా ఆగలేనివారికి. అలా లింక్ చేయించుకున్నవారు ఆ తర్వాతైనా తప్పున్న రికార్డును దిద్దుకోవాలి. తేదీని రెండోసారి మార్చాల్సి వస్తే కేంద్రంతో సరిపోదు, యూఐడీఏఐ ప్రాంతీయ కార్యాలయాన్ని అడగాలి. రెండు తెలుగు రాష్ట్రాలకు అది హైదరాబాద్‌లో ఉంది, 1947కి ఫోన్ చేస్తే ఏ కాగితాలు పంపాలో చెబుతారు.

ఈ మూడు దారులకూ లొంగనిది ఒకటుంది. మీ ఆధార్ ఇప్పటికే వేరే పాన్‌తో లింక్ అయిందని స్క్రీన్ మీద వస్తే, పేర్లు తేదీలు ఎంత దిద్దినా ఉపయోగం లేదు. చాలాసార్లు అది మీకే ఎప్పుడో వచ్చిన రెండో పాన్ అయి ఉంటుంది. మీ పరిధిలోని ఆదాయపన్ను అధికారికి రెండు పాన్‌ల నకళ్లతో అర్జీ పెట్టి, వాడుకలో లేనిదాన్ని వెనక్కి ఇచ్చి, దాని నుంచి ఆధార్‌ను విడదీయించుకోవాలి. అది అయ్యాకే వాడుకలో ఉన్న పాన్‌కు లింక్ పెట్టడం కుదురుతుంది.